హ్యాండ్‌బ్యాగు కొనేముందు తోలు అంచును చూడండి

ప్రశ్న: విజయవాడ బీసెంట్ రోడ్డులో ఒక హ్యాండ్‌బ్యాగు చూసి వచ్చాను. 3,200 రూపాయలు చెబుతున్నారు. లోపల ‘జెన్యూన్ లెదర్’ అని ముద్ర ఉంది. దుకాణం ఆయన లైటరు వెలిగించి బ్యాగు మీద ఆడించి, చూశారా, కాలలేదు అన్నారు. రెండేళ్ల కిందట గుంటూరులో ఇలాగే తోలు అని చెబితే మావారికి కొన్న పర్సు పొరలు పొరలుగా ఊడిపోయింది. అసలు తోలుకీ రెక్సిన్‌కీ తేడా ఎలా కనిపెట్టాలి? తెలిసినవారు కాస్త వివరంగా చెప్పగలరు.

సమాధానం:

అమ్మా, నేను రాణీపేటలో ఒక ట్యానరీ ఫినిషింగు విభాగంలో కొన్నేళ్లు పనిచేసి, ఆ తరువాత విజయవాడ వచ్చి చాలాకాలంగా బ్యాగులు, పర్సులు, బెల్టులు బాగుచేసే పనిలో ఉన్నాను. ముందు ఆ లైటరు సంగతి చెబుతాను, ఎందుకంటే మన ఊళ్లలో అందరూ నమ్మే పరీక్ష అదే. మంటను ఒకటి రెండు సెకన్ల పాటు అటూ ఇటూ ఆడిస్తే మందంగా ఉన్న ఏ వస్తువూ అంటుకునేంత వేడెక్కదు. పైగా పాత తరహా రెక్సిన్ పీవీసీతో చేస్తారు. పీవీసీలో క్లోరిన్ ఉన్నందువల్ల అది సహజంగానే మంటను తొందరగా పట్టుకోదు, అంటుకున్నా మంట తీసేయగానే చాలాసార్లు ఆరిపోతుంది. అంటే ఆ పరీక్షలో రెక్సిన్ కూడా సులువుగా నెగ్గవచ్చు. అసలు తోలు మీద పైపూత పల్చగా ఉంటే అదే మంటకు మచ్చ కూడా పడవచ్చు. కనుక ఆయన మీకు చూపించినదానిని బట్టి ఆ బ్యాగు తోలని గానీ కాదని గానీ చెప్పడానికి వీలు లేదు.

నీటి చుక్క పరీక్ష కూడా ఇంచుమించు ఇలాంటిదే. తంగేడు చెక్క, కరక్కాయ వంటి వాటితో పదును చేసి, పైన ఏ పూతా వేయని తోలు మీద నీటి చుక్క వేస్తే కాసేపట్లో ఇంకిపోయి అక్కడ రంగు ముదురుతుంది. అయితే ఈనాడు దుకాణాల్లో కనిపించే హ్యాండ్‌బ్యాగుల తోలు చాలావరకు క్రోమియం లవణాలతో పదును చేసినది, ఆపైన రంగు, దాని మీద రక్షణ పూత వేసినది. దాని మీద నీరు ముత్యంలా నిలిచి జారిపోతుంది. కాబట్టి నీరు ఇంకితే తోలు కావచ్చునని అనుకోవచ్చు గాని, ఇంకలేదు కదా అని రెక్సిన్ అనడం తప్పు. వాసన గురించి చెప్పనవసరం లేదు. తోలు వాసన వచ్చే స్ప్రేలు బజారులో దొరుకుతాయి.

ఇక మీ అసలు చిక్కు ఆ ముద్రలో ఉంది. ‘జెన్యూన్ లెదర్’ అనే మాట చాలా సందర్భాల్లో అబద్ధం కాదు, కానీ మీరు అనుకునే అర్థం దానికి లేదు. ట్యానరీకి వచ్చే గేదె తోలు గాని, పెద్ద ఆవు తోలు గాని బ్యాగుకు కావలసినదానికంటే ఎంతో మందంగా ఉంటుంది. బ్యాగుకు 1.2 నుంచి 1.6 మిల్లీమీటర్లు, పర్సుకు 1 మిల్లీమీటరు అటూ ఇటూ సరిపోతుంది. అందువల్ల ఆ తోలును, ఆగకుండా తిరిగే పొడవాటి పట్టీ కత్తి ఉన్న యంత్రంలోకి పంపి, అట్టును అడ్డంగా కోసినట్టు పై పొరగా, కింది పొరగా చీలుస్తారు. వెంట్రుకలు ఉండిన పై పొరలో పోగులు సన్నగా, ఒత్తుగా అల్లుకుని ఉంటాయి. దీనినే గ్రెయిన్ అంటారు, తోలు అందమంతా దీనిలోనిదే. మాంసం వైపు ఉన్న కింది పొరను స్ప్లిట్ అంటారు. దానిలో పోగులు లావుగా, వదులుగా ఉంటాయి, రంధ్రాలు ఉండవు, చూపించుకోవడానికి ముఖమంటూ ఉండదు. ఆ ముఖం లేని పొర మీద పీయూ, అనగా పాలీయురెథేన్ పొరను అతికించి, వేడి పలకతో తోలు గీతలు అచ్చువేస్తే చూడముచ్చటైన ‘తోలు’ తయారవుతుంది. లోపల జంతువు చర్మమే ఉంది కాబట్టి ‘జెన్యూన్ లెదర్’ అని ముద్ర వేసినవారిని పట్టుకోవడం కష్టం. అయితే మీ చేయి తాకేదీ, రేపు పగిలేదీ పైనున్న ప్లాస్టిక్కే.

దీనికి కూడా లెక్క ఉంది. తోలుకు సంబంధించిన పదాలను నిర్వచించే ఐఎస్‌ఓ 15115 ప్రమాణం ప్రకారం, పైపూత మందం 0.15 మిల్లీమీటర్లు దాటకుండా ఉంటేనే దానిని ఏ విశేషణమూ లేకుండా తోలు అనాలి. అంతకు మించి, మొత్తం మందంలో మూడో వంతు దాటకుండా ఉంటే పూత వేసిన తోలు అని వేరే పేరుతో పిలవాలి. 0.15 అంటే రెండు మామూలు కాగితాలను కలిపి పట్టుకున్నదానికంటే తక్కువ. దుకాణంలో కొలవనవసరం లేదు. అంచులో పూత ఒక వేరే గీతగా మీ కంటికి స్పష్టంగా కనిపిస్తోందంటే అది ఆ హద్దు దాటి ఉంటుందని నా అనుభవం.

అందుకే నేను ఏ బ్యాగు చేతికి తీసుకున్నా ముందు పైముఖం చూడను, కోసిన అంచు ఎక్కడ దొరుకుతుందా అని వెతుకుతాను. తయారుచేసినవారు అంచులను దాచడానికి రెండు పనులు చేస్తారు: ఒకటి అంచును లోపలికి మడిచి కుట్టడం, రెండు అంచుకు మందంగా రంగు పూయడం. ఈ రెండూ మంచి బ్యాగుల మీద కూడా చేసే పనులే, దానిలో దోషం లేదు. కానీ ఎంత దాచినా బ్యాగులో కొన్ని చోట్ల అంచు బయటపడక తప్పదు. భుజం మీద వేసుకునే పట్టీకి పొడవు సర్దుకోవడానికి రంధ్రాలు కొడతారు కదా, ఆ రంధ్రాల లోపలి గోడకు ఎవరూ రంగు పూయరు. పట్టీని కాస్త వంచి, రంధ్రంలోకి ఫోన్ టార్చి కొట్టి చూడండి. లోపలి జిప్పు జేబు పక్కన జిప్పు మొదలయ్యే మూల, అయస్కాంత బొత్తాం కాళ్లు దిగిన చోటు, పట్టీని బ్యాగుకు కుట్టిన ముక్క వెనుక భాగం, ఇవన్నీ అలాంటివే. పర్సులో అయితే కార్డులు దూర్చే అరల పై అంచు చూడాలి.

ఆ అంచులో తోలు అయితే ఒకే పదార్థం కనిపిస్తుంది. పైన ఒత్తుగా, కిందికి పోయేకొద్దీ కొంచెం వదులుగా ఉండే పోగులు, మధ్యలో ఎక్కడా గీత ఉండదు. గోటితో గీరితే సన్నని నూగు లేస్తుంది. రెక్సిన్ అయితే శాండ్‌విచ్‌లా ఉంటుంది: పైన నున్నని రంగు పొర, దాని కింద కొన్నిసార్లు నురగలాంటి తెల్లని మెత్తటి పొర, అడుగున బనియను బట్టలాంటి అల్లిక. ఆ అల్లిక దారం కనిపించగానే ఇక వేరే పరీక్ష అక్కర్లేదు. పూత వేసిన స్ప్లిట్ ఈ రెండింటికీ మధ్య ఉంటుంది: పైన ప్లాస్టిక్ గీత, దాని కింద నిజమైన తోలు పోగులు.

మొన్న ఒకావిడ సరిగ్గా మీలాగే ‘జెన్యూన్ లెదర్’ ముద్ర ఉన్న గోధుమ రంగు బ్యాగు తెచ్చారు. కొని పద్నాలుగు నెలలే అయిందట, అడుగు మూలల్లో పగుళ్లు. వెనుక వైపు చూస్తే స్వెడ్‌లా నూగుగా ఉంది, కాబట్టి తోలు కాదని ఆమెతో ఎవరూ అనలేకపోయారు. నేను పట్టీ చివరి రంధ్రం దగ్గర నుంచి సన్నని ముక్క కోసి, కొలిచే గేజిలో పెట్టాను. మొత్తం మందం 1.3 మిల్లీమీటర్లు వచ్చింది. పైపూతను బ్లేడుతో లేపితే అది సెల్లోఫేను కాగితంలా మొత్తం ముక్కగా ఊడి వచ్చింది, దాని మందం 0.3. అంటే పై హద్దుకు రెట్టింపు. కింద మిగిలినది తోలే, కానీ స్ప్లిట్. అడుగు మూలల్లో బ్యాగు రోజూ నేలకు తగిలి వంగుతూ ఉంటుంది. అక్కడ వదులైన పోగులు సాగుతాయి, పైనున్న పొర అంత సాగలేక చీలుతుంది. దానికి రంగు వేసి అతికించినా మళ్లీ అదే చోట విడుతుందని చెప్పి, మూలలకు వేరే తోలు ముక్కలు తొడిగి పంపాను. అంతకు మించి చేయగలిగింది లేదు. నిజానికి పగుళ్లు లేని రోజున ఆ బ్యాగు పట్టీని వంచి చూసి ఉంటే రంధ్రంలో ఆ గీత ఆమెకే కనిపించేది.

వెనుక వైపు గురించి ఇంకో మాట. ‘లోపలి వైపు నూగు ఉంటే తోలు’ అని చాలామంది సలహా ఇస్తారు. ఒకప్పుడు అది సరిపోయేది. ఇప్పుడు మైక్రోఫైబర్ అనే సింథటిక్ వచ్చింది. అతి సన్నని నైలాను, పాలియెస్టరు పోగులను నేయకుండా చిక్కుముడిలా కలిపి, పీయూలో ముంచి తయారుచేస్తారు; వెనుక వైపు అచ్చం స్వెడ్‌లా ఉంటుంది, అంచులో బట్ట అల్లిక కూడా కనిపించదు. దీన్ని పట్టుకోవాలంటే ఒక బ్యాగులో రెండు మూడు చోట్ల వెనుక వైపు పోల్చి చూడండి. చర్మంలో వీపు భాగం ఒకలా, పొట్ట భాగం ఒకలా ఉంటాయి గనుక నిజమైన తోలులో నూగు ఒకచోట ఒత్తుగా, మరోచోట కొంచెం పొడుగ్గా కనిపిస్తుంది. మైక్రోఫైబర్‌లో ఎక్కడ చూసినా యంత్రంతో కత్తిరించినట్టు ఒకే తీరు. అప్పటికీ అనుమానం తీరకపోతే మంట నిజంగా పనికొచ్చేది ఇక్కడ మాత్రమే. కొన్న తరువాత, ఇంట్లో, వెనుక వైపు నుంచి చిమటాతో నాలుగు నూలు పోగులంత నూగు లాగి స్టీలు పళ్లెంలో పెట్టి కాల్చండి. తోలు పోగు వెంట్రుక కాలిన వాసనతో నల్లబడి, వేళ్ల మధ్య నలిపితే బూడిద అవుతుంది. నైలాను, పాలియెస్టరు పోగులు కరిగి గట్టి పూసలా మిగులుతాయి. పైముఖం మీద మాత్రం ఈ పని చేయకండి, అక్కడ కాలేది పూత.

పైముఖాన్ని అసలు చూడనక్కర్లేదని కాదు. ఫోను కెమెరాను దగ్గరగా పెట్టి ఫోటో తీసి పెద్దది చేస్తే వెంట్రుకల రంధ్రాలు కనిపించవచ్చు. మేక తోలులో అవి చిన్న చిన్న గుంపులుగా, వరుసలుగా ఉంటాయి. ఆవు తోలులో సన్నగా ఇంచుమించు సమానంగా పరచుకుంటాయి. గేదె తోలులో పెద్దవిగా, దూరదూరంగా ఉంటాయి. ఈ రంధ్రాలు గుంటలు గుంటలుగా లోపలికి దిగి ఉండి, రెండు చోట్ల ఒకే నమూనా పడకపోతే అది మంచి సూచన. ఒకే ముడత, ఒకే మచ్చ జానెడు దూరంలో మళ్లీ అదే తీరుగా కనిపిస్తే అది పలకతో వేసిన అచ్చు. అయితే ఇక్కడ జాగ్రత్త అవసరం: మంచి పై పొర తోలు మీద కూడా అందం కోసం గులకరాళ్ల నమూనానో, అడ్డ గీతల సఫియానో నమూనానో అచ్చువేస్తారు. కాబట్టి అచ్చు కనిపించినంత మాత్రాన రెక్సిన్ అనకూడదు. ఆ సందర్భంలో తీర్పు మళ్లీ అంచుదే.

మీవారి పర్సు సంగతికి వస్తే, పొరలుగా ఊడిందన్నారు గనుక దాని పైముఖం ప్లాస్టిక్ అని నేను చూడకుండానే చెప్పగలను. తోలు ఎండిపోతే గీతలుగా పగులుతుంది, రుద్దుడుకు రంగు పోతుంది, వానాకాలంలో బీరువాలో పెడితే బూజు పడుతుంది. కానీ చిత్తుకాగితం చిరిగినట్టు పెచ్చులు రాలి కింద బట్ట బయటపడదు. చౌకగా దొరికే పీయూలో ఎక్కువ భాగం పాలియెస్టరు ఆధారంగా చేసినది. గాలిలోని తేమ ఆ అణువుల లంకెలను మెల్లగా తెంచుతుంది, వేడి దానిని తొందరపెడుతుంది. కృష్ణ ఒడ్డున ఉక్కపోత ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా. వాడకపోయినా, డబ్బాలో భద్రంగా దాచినా ఆ పని జరుగుతూనే ఉంటుంది. అందుకే పెళ్లికి వచ్చిన బ్యాగును మూడేళ్ల తరువాత తీస్తే చేతికి జిగురు అంటుకుంటోందని నా దగ్గరకు తెస్తారు. దానికి మరమ్మతు లేదు, నేను తీసుకోను. పీవీసీ రెక్సిన్ ఇలా జిగురెక్కడం తక్కువ, కానీ దానిని మెత్తగా ఉంచే నూనెలాంటి పదార్థం క్రమంగా బయటికి పోయి, బిరుసెక్కి మడత దగ్గర విరుగుతుంది.

పర్సుల్లో ఇంకొక మెలిక ఉంటుంది. బయటి ముక్క నిజంగా మంచి ఆవు తోలే పెట్టి, లోపలి కార్డు అరలకు, చిల్లర జేబు మూతకు పీయూ వాడతారు. బయట ఎంత పరీక్షించినా నెగ్గుతుంది. ఏడాదిన్నరకు కార్డులు దూర్చే చోట పెచ్చులు లేస్తాయి. అక్కడ మొత్తం తోలే పెడితే పర్సు మందమవుతుంది కాబట్టి మంచి పనివారు లోపలి ముక్కలను 0.6 మిల్లీమీటర్ల దాకా చెక్కి పల్చన చేస్తారు, దానికి పనీ సమయమూ కావాలి. అందుకే పర్సు కొనేటప్పుడు నేను బయటి ముఖం కన్నా మూడో కార్డు అర అంచును చూస్తాను. అన్నట్టు, బాండెడ్ లెదర్ అని రాసి ఉంటే అది తోలు తుక్కును పొడి చేసి జిగురుతో పలకగా వత్తినది. గీరితే పోగు రాదు, అట్టముక్కలా పొడి రాలుతుంది. కాల్చితే దానికీ వెంట్రుక వాసన వస్తుంది కనుక ఆ వాసనతో మోసపోవద్దు. పర్సుకు అది ఎందుకూ పనికిరాదని నా అభిప్రాయం.

మీరు చూసిన బ్యాగు దగ్గరకు మళ్లీ వెళ్లినప్పుడు పట్టీ రంధ్రంలోనూ, లోపలి జిప్పు మూలలోనూ చూసి గీత లేకుండా ఒకే పోగు కనిపిస్తే, 3,200 నాకు సమంజసంగానే తోస్తుంది. పోగుల మీద ప్లాస్టిక్ గీత కనిపిస్తే అది పూత వేసిన స్ప్లిట్. ఆ ధరలో సగానికి ఇస్తానంటే, రెండు మూడేళ్ల వాడకానికి అనుకుని తీసుకోవచ్చు. అల్లిక దారం కనిపిస్తే వదిలేయండి. ఏ అంచూ దొరకకుండా అన్నీ మడిచి, పట్టీకి రంధ్రాలు లేకుండా ఉంటే, లోపలి లైనింగు కుట్టు ఒక అంగుళం విప్పి చూపించమని అడగండి. తమ దగ్గరే కుట్టించే దుకాణాలవారు అదే తోలు తుంట చూపిస్తారు, అది ఇంకా మంచిది.

తీసుకునేముందు జీఎస్టీ బిల్లులో, వస్తువు ఏ రకమో తెలిపే హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ ఏమి వేస్తున్నారో కూడా చూడండి. పైభాగం తోలు గాని బాండెడ్ లెదర్ వంటి కూర్పు తోలు గాని అయిన హ్యాండ్‌బ్యాగుకు 420221, పైభాగం ప్లాస్టిక్ రేకు గాని బట్ట గాని అయితే 420222. పర్సులకైతే వరుసగా 420231, 420232. చిన్న దుకాణాలు 4202 అని నాలుగంకెలే వేస్తాయి, దానివల్ల ఏమీ తెలియదు. కానీ ఆరంకెలు వేసే పెద్ద దుకాణంలో తోలని చెప్పి, బిల్లు మీద 420222 పడితే, కౌంటరు దగ్గరే ఆగి అడగండి. నాలుగంకెల బిల్లు ఇచ్చేవారినైతే వస్తువు పేరు పక్కన ‘పైభాగం తోలు, పై పొర’ అని చేత్తో రాసి ఇమ్మనండి. అమ్మేటప్పుడు నోటితో చెప్పిన మాటను కాగితం మీద రాయడానికి ఆయన వెనకాడితే మీకు అక్కడే సంగతి అర్థమవుతుంది.